ముసురు రాత్రుల్లో ఏసీ డ్రై మోడ్: అది చేసేదేమిటి, చేయలేనిదేమిటి

ప్రశ్న: మా పడగ్గది పన్నెండు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. టన్నున్నర ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ ఉంది. వారం నుంచి ముసురు పట్టింది. కూల్‌లో 24 పెడితే అర్ధరాత్రికి చలి పుడుతోంది, దుప్పటి కప్పుకుంటే అదీ చెమ్మగానే ఉంటోంది. ఆపేస్తే కాసేపటికే ఒళ్ళంతా జిగట. రిమోట్‌లో నీటి చుక్క బొమ్మ ఉన్న డ్రై మోడ్ పెట్టి చూశాను. ఫ్యాన్ స్పీడ్ మార్చనివ్వదు, గాలి మధ్యమధ్యలో ఆగిపోతుంది, చల్లదనం అంతంత మాత్రం. ఏసీ ఏమైనా పాడైందా? మావారేమో ఎండాకాలంలో కూడా డ్రైలోనే పెడితే కరెంటు సగానికి సగం మిగులుతుందంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ ఏసీకి ఏమీ కాలేదు. ఫ్యాన్ స్పీడ్ మారకపోవడం, గాలి ఆగి ఆగి రావడం డ్రై మోడ్ లక్షణాలే. మీవారి మాట ముసురు రోజుల వరకు కొంత నిజం, ఎండాకాలానికి మాత్రం అస్సలు పనికిరాదు. అది ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఆ నీటి చుక్క బొమ్మ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలిస్తే మీ మిగతా సందేహాలు చాలావరకు వాటంతటవే తీరిపోతాయి.

డ్రై మోడ్ కోసం ఏసీలో ప్రత్యేకమైన భాగం ఏదీ ఉండదు. కూల్ మోడ్‌లో పనిచేసే కంప్రెసర్, గ్యాస్, కాయిల్ ఇక్కడా పనిచేస్తాయి. తేడా అంతా నడిపే తీరులోనే. ఇన్‌డోర్ యూనిట్ ముందు మూత పైకెత్తి, ఫిల్టర్లు తీసి, టార్చి వేసి చూడండి. సన్నటి అల్యూమినియం రేకులు దువ్వెన పళ్ళలా దగ్గర దగ్గరగా నిలబడి ఉంటాయి. అదే కాయిల్. ఏసీ నడుస్తున్నప్పుడు ఆ రేకులు సుమారు 8 నుంచి 14 డిగ్రీల దాకా చల్లబడతాయి. గదిలో గాలి వాటి మధ్య నుంచి వెళ్ళేటప్పుడు, చల్లటి నీళ్ళు పోసిన గ్లాసు బయట చెమర్చినట్టే, గాలిలోని తేమ రేకుల మీద నీరుగా మారుతుంది. ఆ నీళ్ళు కింద ఉన్న ట్రేలోకి జారి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతాయి. గాలి పొడిబారడానికి ఇంతకు మించి వేరే కిటుకు లేదు. కూల్ మోడ్‌లోనూ ఇదే జరుగుతుంది. కాబట్టి కూల్ మోడ్ చల్లబరుస్తుంది, డ్రై మోడ్ తేమ తీస్తుంది అని రెండు వేర్వేరు పనులుగా అనుకోకండి. రెండు మోడ్‌లూ రెండు పనులూ చేస్తాయి, పాళ్ళు మాత్రమే వేరు.

ఆ పాళ్ళు మార్చేది ఫ్యాన్. ఫ్యాన్ వేగంగా తిరిగితే కాయిల్ మీదుగా గాలి ఎక్కువగా పోతుంది. గది త్వరగా చల్లబడుతుంది, కానీ అంత గాలి తగలడం వల్ల రేకులు కాస్త వెచ్చబడతాయి. వెచ్చటి రేకు మీద నీరు తక్కువగా పడుతుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే రేకులు బాగా చల్లగా ఉంటాయి, వాటి మధ్య గాలి ఎక్కువసేపు నిలుస్తుంది. వెళ్ళే గాలి తక్కువే అయినా, అందులోంచి నీటిని గట్టిగా పిండుకుంటుంది. అందుకే డ్రై మోడ్‌లో ఫ్యాన్‌ను కనిష్ఠ వేగానికి కట్టిపడేస్తారు. ఫ్యాన్ బటన్ మీ చేతికి ఇస్తే మీరు హై పెడతారు, దాంతో డ్రై మోడ్ ఉద్దేశమే పోతుంది.

ఇక గాలి ఆగిపోవడం సంగతి. కంప్రెసర్ ఆగినంత మాత్రాన రేకుల మీద నీరంతా ఒక్కసారిగా కిందికి జారిపోదు. మంచి మొత్తమే రేకుల సందుల్లో పట్టుకుని ఉంటుంది. అప్పుడు కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే, గది గాలి ఆ తడి రేకుల మీదుగా వెళ్ళి, కష్టపడి తీసిన నీటిని మళ్ళీ ఆవిరిగా గదిలోకి తెచ్చేస్తుంది. కంప్రెసర్ ఆగిన కొద్ది నిమిషాలకే ఏసీలోంచి వెచ్చటి, బరువైన, కాస్త ముక్క వాసన వేసే గాలి రావడం మీరు గమనించే ఉంటారు. అది ఇదే. కూల్ మోడ్‌లో చాలా ఏసీలు కంప్రెసర్ ఆగినా ఫ్యాన్‌ను ఆపవు. డ్రై మోడ్‌లో కంప్రెసర్‌తో పాటు ఫ్యాన్ కూడా ఆగుతుంది, లేదంటే తిరుగుతుందో లేదో అన్నంత మెల్లగా తిరుగుతుంది. పాడైందని మీరు అనుమానపడ్డ ఆ ఆగడమే, నిజానికి డ్రై మోడ్ చేసే అతి తెలివైన పని.

ఇప్పుడు కూల్‌లో 24 పెడితే చలీ, చెమ్మా రెండూ ఎందుకో చూద్దాం. మామూలు స్ప్లిట్ ఏసీలో ఉండేది ఉష్ణోగ్రత సెన్సర్ మాత్రమే. గదిలో తేమ ఎంత ఉందో దానికి తెలియదు. గది 24కి వచ్చిందా లేదా, అదొక్కటే దాని లెక్క. ఎండాకాలంలో గోడలు, పైకప్పు, కిటికీ అద్దాలు రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటాయి కనుక కంప్రెసర్‌కు చేతినిండా పని. అది ఎక్కువసేపు నడుస్తుంది కాబట్టి తేమ కూడా దానితో పాటే పోతుంది. ముసురు రోజుల్లో బయటే 27 డిగ్రీలు ఉంటే, గదిలోంచి తీసేయాల్సిన వేడి ఎక్కువగా ఉండదు. టన్నున్నర యంత్రానికి మీ గది అప్పుడు చిటికెలో పని. గబగబా చల్లబరిచేసి వెనక్కి తగ్గిపోతుంది. తేమ మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇన్వర్టర్ ఏసీల్లో ఇంకో మెలిక ఉంది. గది 24కి చేరాక అది పూర్తిగా ఆగదు, కంప్రెసర్‌ను బాగా తగ్గించి నడుపుతుంది. కరెంటు పరంగా చూస్తే అది మంచిదే. కానీ కంప్రెసర్ అలా సన్నగా నడుస్తూ, ఫ్యాన్ మాత్రం మీడియంలోనో హైలోనో ఉంటే, కాయిల్ 17, 18 డిగ్రీల దగ్గర నిలబడిపోవచ్చు. ఆ వేడి దగ్గర నీరు పడటం దాదాపు ఆగిపోతుంది. ఏసీ నడుస్తూనే ఉంటుంది, డిస్‌ప్లేలో 24 కనిపిస్తూనే ఉంటుంది, డ్రెయిన్ పైపులోంచి మాత్రం చుక్క రాలదు. మీరిద్దరూ వదిలే ఊపిరి, తలుపు సందుల్లోంచి వచ్చే బయటి గాలి కలిసి గదిలో తేమను మళ్ళీ పెంచేస్తాయి. తెల్లవారుజామున మీ దుప్పటి చెమ్మగా అనిపించేది అందుకే.

పైగా గాలి చల్లబడినకొద్దీ నీటిని పట్టుకునే శక్తి తగ్గుతుంది. 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న గాలిని, ఒక్క చుక్క నీరు కూడా తీయకుండా 25 డిగ్రీలకు చల్లబరిచారనుకోండి. తేమ శాతం 100కి చేరుతుంది. గాలిలో ఉన్న నీరు అంతే, శాతం మాత్రం పెరిగింది. ఉక్కగా ఉందని సెట్టింగ్‌ను 22కో 20కో తగ్గిస్తూ పోయేవాళ్ళు కోరితెచ్చుకునేది ఈ ఇబ్బందినే. చలి పెరుగుతుంది కానీ జిగట ఆ మేరకు తగ్గదు. చలికి తట్టుకోలేక ఏసీ ఆపేస్తారు. మళ్ళీ ఉక్క మొదలవుతుంది.

మీ గదినే లెక్క వేసి చూద్దాం. ఎత్తు పది అడుగులు అనుకుంటే గదిలో సుమారు 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 28 డిగ్రీలు, 85 శాతం తేమ దగ్గర ఒక్కో ఘనపు మీటరు గాలిలో 23 గ్రాముల నీరు ఉంటుంది. అంటే మీ గది గాలిలో ఆవిరి రూపంలో ఉన్నది సుమారు 940 గ్రాములు. హాయిగా నిద్రపట్టే స్థితి, అంటే 26 డిగ్రీలు, 60 శాతం తేమ కావాలంటే అందులో 600 గ్రాములు మిగలాలి. తీయాల్సింది 340 గ్రాములు, లీటరులో మూడో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. టన్నున్నర ఏసీ పూర్తి జోరు మీద ఉంటే గంటకు లీటరున్నర దాకా నీరు తీయగలదు, డ్రై మోడ్‌లో అందులో సగమో ఇంకా తక్కువో తీసినా అరగంట, గంటలో ఆ పని అయిపోవాలి.

కానీ కథ అక్కడితో ఆగదు. నిద్రపోతున్న మనిషి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా గంటకు 40, 50 గ్రాముల నీటిని వదులుతాడు. ఇద్దరికీ కలిపి 90 అనుకుందాం. తలుపులు, కిటికీలు మూసినా సందుల్లోంచి గంటకు గదిలో సగం గాలి మారుతుందనుకుంటే, బయటి చెమ్మ గాలి మోసుకొచ్చేది మరో 175 గ్రాములు. మొత్తం గంటకు 265. ఎనిమిది గంటల నిద్రకు రెండు లీటర్ల పైచిలుకు, మొదట తీయాల్సినదీ కలిపితే సుమారు రెండున్నర లీటర్లు. గదిలోని తేమను ఒకసారి తీసేస్తే సరిపోదు, లోపలికి వచ్చేదాన్ని రాత్రంతా తీస్తూనే ఉండాలి. ఏసీ కొంచెం కొంచెంగానైనా రాత్రంతా నీటిని తీస్తూ ఉండటం ముఖ్యమయ్యేది ఇందుకే. డ్రై మోడ్ పనికొచ్చేదీ సరిగ్గా ఇక్కడే.

ఇదే లెక్కలో కిటికీ ఒక రెక్క ఓరగా తెరిచారనుకోండి. గంటకు ఐదుసార్లు గాలి మారితే లోపలికి వచ్చే నీరు లీటరు ముప్పావు దాటుతుంది. అప్పుడు డ్రై మోడ్ చేసేదేమీ లేదు. బాత్‌రూమ్ తలుపు తీసి ఉంచడం, గదిలో తడి బట్టలు ఆరేయడం కూడా ఇలాంటివే. గదిలో ఆరేసిన ఒక వాషింగ్ మెషీన్ లోడు బట్టల్లోంచి లీటరో, రెండు లీటర్లో నీరు గాలిలోకి వస్తుంది, అంటే మీ ఏసీకి ఒక రాత్రి పని అదనంగా అప్పగించినట్టే. బట్టలు ఆరాలనే ఉద్దేశంతోనే మూసిన గదిలో డ్రై మోడ్ పెడితే అది వేరే విషయం, అందుకది బాగానే పనికొస్తుంది. పడుకునే గదిలో మాత్రం వద్దు.

ఇక చల్లదనం అంతంత మాత్రం అన్నారు కదా, దానికి కారణం మీరు డ్రై బటన్ నొక్కిన సమయం అయి ఉండొచ్చు. కొన్ని మోడళ్ళలో డ్రై పెట్టాక ఎన్ని డిగ్రీలు కావాలో మీరే ఎంచుకోవచ్చు. చాలా మోడళ్ళలో అలా కుదరదు. బటన్ నొక్కిన క్షణంలో గది ఎంత వేడిగా ఉందో చూసి, దానికంటే ఒకటి రెండు డిగ్రీలు తక్కువను ఏసీ తనే గురిగా పెట్టుకుంటుంది. గది 30 దగ్గర ఉన్నప్పుడు నొక్కితే దాని గురి 28 అవుతుంది. అక్కడికి రాగానే పని అయిపోయిందనుకుని ఆగి ఆగి నడుస్తుంది. మీకేమో ఇంకా ఉక్కగానే ఉంటుంది. అదే గది 26కి వచ్చాక నొక్కితే 24, 25 మధ్య నిలుపుతుంది. చాలామంది డ్రై మోడ్ దండగ అనేది ఈ ఒక్క విషయం తెలియకే.

కాబట్టి ఈ రాత్రి ఇలా చేసి చూడండి. పడుకోవడానికి గంట ముందే తలుపులు, కిటికీలు, బాత్‌రూమ్ తలుపు మూసేసి కూల్‌లో 25 పెట్టండి, ఫ్యాన్ మీడియం. గది 26 దగ్గరికి వచ్చిందనిపించాక డ్రైకి మార్చండి. మీ రిమోట్ డ్రైలో డిగ్రీలు మార్చనిస్తే 26 పెట్టండి. సీలింగ్ ఫ్యాన్ ఉంటే అతి తక్కువ స్పీడ్‌లో తిప్పండి. ఏసీ గాలి ఆగినప్పుడు కూడా ఒంటికి గాలి తగులుతూ ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ కాయిల్ మీదుగా గాలి పంపదు కనుక పైన చెప్పిన తిరిగి ఆవిరయ్యే గొడవ దానివల్ల రాదు. మీ మోడల్‌లో డ్రై మోడ్ గదిని మరీ చల్లబరిచేస్తున్నట్టయితే ఇంకో దారి ఉంది. కూల్‌లోనే 26 పెట్టి ఏసీ ఫ్యాన్‌ను లోలో ఉంచండి. ఆటోలో వద్దు, లోలోనే. డ్రై మోడ్ ఇచ్చే ఫలితంలో చాలా భాగం దీనితోనూ వస్తుంది, డిగ్రీల మీద పట్టు మీ చేతిలో ఉంటుంది. నన్నడిగితే కొన్ని ఇన్వర్టర్ మోడళ్ళలో ఇదే మేలు.

పనిచేస్తోందో లేదో ఒంటితో తేల్చుకోవడం కష్టం. ఉష్ణోగ్రత, తేమ శాతం రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు ఒకటి మంచం పక్కన పెట్టుకోండి, ఏసీ గాలి నేరుగా తగిలే చోట కాదు. అలాంటి మీటర్లు ఐదు శాతం అటూ ఇటూ చూపిస్తాయి, పర్వాలేదు, రాత్రికీ తెల్లవారుజాముకీ తేడా తెలిస్తే చాలు. కానీ శాతాన్ని ఒంటరిగా చూడకండి, పక్కన డిగ్రీలు కూడా చూడండి. 26 డిగ్రీల దగ్గర 60 శాతం కంటే 24 డిగ్రీల దగ్గర 65 శాతం ఉన్న గాలిలోనే నీరు తక్కువ. శాతం పెరిగిందని కంగారుపడి సెట్టింగ్ మార్చేస్తే మొదటికే వస్తుంది.

మీటరు కంటే నమ్మకమైన సాక్షి డ్రెయిన్ పైపు. దాని కొస కింద ఒక లీటరు సీసా పెట్టండి. మొదటి పదీ ఇరవై నిమిషాలు ఏమీ రాకపోవచ్చు, ముందు రేకులు తడవాలి, ట్రేలోకి నీరు చేరాలి. ఆ తర్వాత ఒక గంట పట్టి చూడండి. ఒకరోజు కూల్‌లో 24, ఫ్యాన్ హై పెట్టి, గది చల్లబడ్డాక వచ్చే నీటిని పట్టండి. అలాంటి వాతావరణమే ఉన్న మరోరోజు డ్రైలో పట్టండి. నా అంచనా, మీ ఇంట్లో రెండో సీసాలో నీళ్ళు ఎక్కువ ఉంటాయి. గది ఇంకా వేడిగా ఉన్న మొదటి గంటలో కొలిస్తే మాత్రం కూలే గెలుస్తుంది, ఎందుకంటే అప్పుడు కంప్రెసర్ పూర్తి జోరు మీద ఉంటుంది. మొత్తం నీటిని వేగంగా తీయడంలో కూల్ మోడ్‌ను డ్రై మించలేదు. చలి పెంచకుండా నీరు తీయడంలోనే దాని గొప్పంతా.

ఇప్పుడు మీవారి లెక్క. డ్రైలో కంప్రెసర్ తక్కువసేపో, తక్కువ జోరు మీదో నడుస్తుంది, ఫ్యాన్ దాదాపు కరెంటు తీసుకోదు. కాబట్టి ముసురు రాత్రి బిల్లు తగ్గడం నిజమే. కానీ తగ్గేది పని తక్కువ చేసినందుకే, అదే పనిని తక్కువ కరెంటుతో చేసినందుకు కాదు. నిజానికి ఫ్యాన్ నెమ్మదించి కాయిల్ మరీ చల్లబడితే, తీసే ప్రతి యూనిట్ వేడికీ కంప్రెసర్ కాస్త ఎక్కువే ఖర్చు చేయాలి. మీ గదిలోంచి రెండున్నర లీటర్ల నీటిని తీయడానికి మంచి ఏసీకి అయ్యేది సుమారు అర యూనిట్ కరెంటు మాత్రమే. మిగతా ఖర్చంతా గది వేడిని బయటికి పంపడానికి. ఎండాకాలంలో ఆ వేడే కొండంత ఉంటుంది. బయట 40 డిగ్రీలు, గాలి పొడిగా ఉన్న రోజున తీయడానికి తేమ ఎక్కువగా ఉండదు, తీయాల్సిన వేడి బోలెడు. డ్రైలో ఫ్యాన్ నెమ్మదిగా తిరుగుతూ ఆ వేడిని తట్టుకోలేదు. గది చల్లబడదు, మీకు నిద్ర పట్టదు. అలాంటప్పుడు మిగిలిన కరెంటుతో లాభమేమిటో మీవారినే అడగండి. వేడీ తేమా రెండూ ఎక్కువగా ఉన్న చోట, అంటే 35 డిగ్రీల ఎండ, ఒళ్ళంతా చెమట ఉన్నప్పుడు కూడా ముందు కూలే. కంప్రెసర్ ఎడతెగకుండా నడుస్తుంది కనుక తేమ దానంతట అదే పోతుంది. రాత్రి పొద్దుపోయి వేడి తగ్గాక డ్రైకి మారొచ్చు.

డ్రై మోడ్ చేతులెత్తేసే మరో సందర్భం ఉంది. వాన పడి బయట 22 డిగ్రీలు ఉంది, గదిలో 23, గోడలు చెమర్చి ఉన్నాయి, అలమరలో బట్టలు బూజు వాసన వేస్తున్నాయి. అప్పుడు డ్రై పెడితే గది ఇంకా చల్లబడుతుంది. స్ప్లిట్ ఏసీ నీటితో పాటు లాక్కున్న వేడినంతా అవుట్‌డోర్ యూనిట్ ద్వారా బయట పారబోస్తుంది కాబట్టి అంతకన్నా మరో దారి లేదు. గది మరీ చల్లబడితే ఏసీ తనంతట తానే కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఇలాంటి చోట విడిగా దొరికే డీహ్యూమిడిఫైయర్ వేరేగా పనిచేస్తుంది. అది తీసిన వేడిని గదిలోకే వదులుతుంది కాబట్టి గది కాస్త వెచ్చబడుతూనే పొడిబారుతుంది. కాయిల్‌ను రెండు భాగాలుగా చేసి, ఒకదానితో నీరు తీసి రెండోదానితో ఆ గాలిని మళ్ళీ కాస్త వెచ్చబరిచే ఏసీలూ ఉన్నాయి. మీది అలాంటిదైతే దాని పుస్తకంలో ప్రత్యేకంగా రాసి ఉంటుంది. మామూలు డ్రై బటన్‌తో ఆ పని కాదు.

ఇక నిజంగా పాడైతే ఎలా తెలుస్తుంది? డ్రైలో గాలి మొదట బాగా వచ్చి, గంటా రెండు గంటల్లో క్రమంగా సన్నబడి, చివరికి దాదాపు ఆగిపోయినట్టు అనిపిస్తే మూత ఎత్తి చూడండి. రేకుల మీద తెల్లగా మంచు పేరుకుని ఉంటే అది మామూలు ఆగడం కాదు. డ్రైలో ఫ్యాన్ అసలే నెమ్మది, దానికి తోడు ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే కాయిల్ సున్నా డిగ్రీల కిందికి దిగి నీరు గడ్డకడుతుంది. ఆపేశాక ఆ మంచు ఒక్కసారిగా కరిగి యూనిట్ ముందు అంచు నుంచి గోడ మీదికి నీళ్ళు కారతాయి. ఏసీని కూల్, డ్రై కాకుండా ఒట్టి ఫ్యాన్ మోడ్‌లో గంటసేపు నడిపి మంచు కరగనివ్వండి. గోకి తీయకండి, రేకులు వంగిపోతాయి. ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి పెట్టండి. మళ్ళీ మంచు పట్టిందంటే కాయిల్ లోపల మురికైనా చేరి ఉండాలి, గ్యాస్ అయినా తగ్గి ఉండాలి. అప్పుడు మెకానిక్‌ని పిలవాల్సిందే. మంచు లేకుండానే లోపల నీళ్ళు కారుతుంటే డ్రెయిన్ పైపు పూడుకుపోయి ఉండొచ్చు. డ్రై వాడే రోజుల్లో నీరు రోజంతా కొద్దికొద్దిగా పారుతుంటుంది కనుక ట్రేలో పాచి త్వరగా పడుతుంది.

ముక్క వాసన కూడా ఈ తడి వల్లే. రాత్రంతా డ్రైలో నడిచిన కాయిల్ తెల్లారేసరికి తడిగానే ఉంటుంది, అలాగే ఆపేస్తే ఆ చీకట్లో బూజు పడుతుంది. పొద్దున మీరు గది వదిలి వెళ్ళాక, కిటికీ తెరిచి, ఏసీని ఒట్టి ఫ్యాన్ మోడ్‌లో అరగంట తిప్పి ఆపండి. కొన్ని ఏసీల్లో ఆపగానే లోపల తనంతట తానే ఆరబెట్టుకునే సౌకర్యం ఉంటుంది. అది నడుస్తుండగా ఆ నీరంతా గదిలోకే వస్తుంది, కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ పడుకునే ఆలోచన ఉంటే అప్పుడు కాక, గది ఖాళీగా ఉండే వేళ చూసి వాడుకోండి.